36 శాతమా, నూటికి ఒకరా? ఆరోగ్య అధ్యయనం చెప్పే మేలును మనమే లెక్కగట్టే పద్ధతి

చాలా ఏళ్ల కిందట, అమెరికాలో కూతురి ఇంట ఆరు నెలలు ఉండి తిరిగొచ్చిన మా బాబాయి, అక్కడి ఒక పత్రికలోంచి చింపిన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో దాచి తెచ్చారు. అది లిపిటార్ అనే కొలెస్టరాల్ మాత్ర ప్రకటన. ఆ మాత్ర గుండెపోటు ముప్పును 36 శాతం తగ్గిస్తుందని పేజీ నిండా పెద్ద అక్షరాలతో ఉంది. బీపీకి మాత్రలు వాడుతున్న బాబాయి దాన్ని బల్ల మీద పరిచి, "అంటే నూరుమంది వేసుకుంటే ముప్ఫై ఆరుగురికి గుండెపోటు రాకుండా ఆగుతుందన్నమాట, అవునా?" అని అడిగారు. ఆ 36 అంకె పక్కన ఒక చుక్క గుర్తు, పేజీ అడుగున ఆ గుర్తుకు వివరణగా చీమ తలంత అక్షరాలు ఉన్నాయి. ఒక పెద్ద అధ్యయనంలో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారిలో 3 శాతం మందికి, లిపిటార్ వేసుకున్నవారిలో 2 శాతం మందికి గుండెపోటు వచ్చిందని అక్కడ రాసి ఉంది. ఆ ప్రకటనలో అబద్ధం ఒక్కటీ లేదు. పైన ఉన్న 36, కింద ఉన్న 3, 2 ఒకే అధ్యయనం నుంచి, ఒకే ఫలితం నుంచి వచ్చినవే. అయినా బాబాయి అర్థం చేసుకున్నది పూర్తిగా తప్పు.

ఈ తప్పు ఎక్కడ పుడుతుందో, దాన్ని కాగితం, పెన్నుతో ఎలా పట్టుకోవచ్చో ఆ మాత్ర అధ్యయనాన్నే ఉదాహరణగా తీసుకుని ఒక్కో అడుగూ చెబుతాను. ఇందులో తీసివేత, భాగహారం మించిన గణితం లేదు.

ముందుగా ఒక్క ప్రశ్న: దేనిలో శాతం?

ఆషాఢం సేల్‌లో 36 శాతం తగ్గింపు అని బోర్డు పెడితే మనం వెంటనే అసలు ధర చూస్తాం. మూడు వేల రూపాయల చీర మీద ఆ తగ్గింపు 1,080 రూపాయలు. మూడు రూపాయల గుండీ మీద అయితే ఒక రూపాయి ఎనిమిది పైసలు. తగ్గింపు రేటు రెండింటికీ ఒకటే అయినా, చేతిలో మిగిలే సొమ్ము అసలు ధరను బట్టి ఉంటుంది. బట్టల కొట్లో ఎవరూ చెప్పకుండానే వేసుకునే ఈ లెక్క, మందుల దగ్గరకు వచ్చేసరికి మనకు గుర్తు రాదు. అసలు ధర స్థానంలో ఉండవలసిన అంకెను, అంటే మందు వాడనివారికి ఆ జబ్బు ఎంతమందికి వస్తుందన్న అంకెను, వార్త రాసేవారు తరచుగా వదిలేయడమే దీనికి ముఖ్య కారణం.

మందు వాడని గుంపులో నూటికి ముగ్గురికి, వాడిన గుంపులో నూటికి ఇద్దరికి జబ్బు వచ్చిందనుకోండి. మూడులోంచి రెండు తీసివేస్తే ఒకటి వస్తుంది. నూటికి ఒకరు తగ్గారన్నది నిరపేక్ష తగ్గుదల. ఆ ఒకటిని మూడుతో భాగిస్తే మూడో వంతు, అంటే సుమారు 33 శాతం. ఇది సాపేక్ష తగ్గుదల. మొదటిదానికి తీసివేత చాలు, రెండోదానికి ఆ తీసివేత ఫలితాన్ని మందు వాడనివారి రేటుతో భాగించాలి. భాగించగానే అసలు రేటు అంకె లోంచి మాయమవుతుంది. నూటికి ముగ్గురు ఇద్దరైనా, పదివేలకు ముగ్గురు ఇద్దరైనా సాపేక్ష తగ్గుదల 33 శాతమే.

తెలుగులో ఇంకొక చిక్కు కూడా ఉంది. "ముప్పు 36 శాతం తగ్గింది" అన్న వాక్యం శీర్షికలోకి వచ్చేసరికి "36 శాతం మందికి రక్షణ" అయిపోతుంది. మొదటిది ముప్పులో వంతు, రెండోది మనుషుల లెక్క. ఈ మార్పు జరిగిన వార్త కనిపిస్తే, రాసినవారికే తేడా తెలియలేదని అనుకుని మూల అధ్యయనం దగ్గరకు వెళ్లడం మంచిది. శాతాల్లోంచి శాతాలు తీసివేసినప్పుడు వచ్చేదాన్ని "శాతం పాయింట్లు" అనడం వల్ల కొంత గందరగోళం తప్పుతుంది. రిజర్వు బ్యాంకు 2025 ఫిబ్రవరిలో రెపో రేటును 6.50 నుంచి 6.25కు తగ్గించినప్పుడు, పావు శాతం తగ్గిందనే పత్రికలు రాశాయి తప్ప, దాదాపు 4 శాతం తగ్గిందని భాగహారం చేసి ఎవరూ రాయలేదు. వ్యాపార పేజీలో ఉన్న ఈ క్రమశిక్షణ ఆరోగ్య పేజీకి ఎందుకు రాలేదో నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.

మొదటి అడుగు: ఎవరిలో, ఏ ఫలితం, ఎంత కాలం

లెక్కకు ముందు ఈ మూడు సంగతులు రాసుకోవాలి. లిపిటార్ ప్రకటనలోని 36 శాతం వెనుక ఉన్నది ఆస్కాట్ అనే అధ్యయనంలో కొలెస్టరాల్‌కు సంబంధించిన భాగం. అది 2003లో ది లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. బ్రిటన్, ఐర్లాండ్, ఉత్తర ఐరోపా దేశాలకు చెందిన 40 నుంచి 79 ఏళ్ల లోపు వారు అందులో ఉన్నారు. అందరికీ రక్తపోటు ఉంది, దానికి తోడు గుండెజబ్బుకు దారితీసే మరో మూడు కారణాలైనా ఉన్నాయి, కానీ కొలెస్టరాల్ మాత్రం మరీ ఎక్కువగా లేదు. సగం మందికి రోజూ 10 మిల్లీగ్రాముల అటోర్వాస్టాటిన్, అంటే లిపిటార్‌లోని మందు, మిగతా సగం మందికి చూపుకు అలాగే ఉండే ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. కొలవదలచిన ముఖ్య ఫలితం, ప్రాణాపాయం కలిగించని గుండెపోటు లేదా గుండె రక్తనాళాల జబ్బుతో మరణం, ఈ రెండింటిలో ఏదో ఒకటి. ఐదేళ్లు సాగవలసిన ఈ అధ్యయనాన్ని, మేలు ముందే స్పష్టంగా కనిపించడంతో, సగటున 3.3 ఏళ్ల దగ్గరే ఆపేశారు.

ఈ వివరాల్లో రెండింటిని గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, వీరు సాధారణ జనం కాదు, ముప్పు ఉన్నవారిని ఏరి తీసుకున్నారు. రెండు, మేలు బాగా కనిపిస్తున్న దశలో ఆపేసిన అధ్యయనాల్లో ఆ మేలు అసలు కన్నా కొంచెం పెద్దదిగా తేలే అవకాశం ఉంటుంది.

రెండో అడుగు: నాలుగు అంకెలు వెతకడం

మనకు కావలసినవి నాలుగే అంకెలు: ఒక్కో గుంపులో ఎంతమంది ఉన్నారు, వారిలో ఎంతమందికి ఆ ఫలితం ఎదురైంది. వార్తలో ఇవి ఉండవు. విలేఖరులకు పంపే పత్రికా ప్రకటనలోనూ చాలాసార్లు ఉండవు. అధ్యయనం పేరును PubMed సైటులో వెతికితే ఉచితంగా కనిపించే సారాంశంలో, ఫలితాల భాగంలో తరచుగా దొరుకుతాయి. అక్కడ లేకపోతే వ్యాసం లోపలి పట్టికలో `n/N` లేదా `events` అనే శీర్షిక కింద ఉంటాయి. `placebo` లేదా `control` అని ఉన్న వరుస మందు వాడనివారిది.

ఆస్కాట్‌లో మాత్ర వేసుకున్నవారు 5,168 మంది, వారిలో ముఖ్య ఫలితం ఎదురైనది 100 మందికి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవారు 5,137 మంది, వారిలో 154 మందికి.

ఈ దశలోనే ఒక పొరపాటు జరుగుతుంటుంది. 154, 100 పక్కపక్కన చూడగానే, గుంపుల పరిమాణం చూడకుండా 54 తగ్గిందని లెక్కేస్తాం. ఇక్కడ గుంపులు దాదాపు సమానం కాబట్టి నష్టం లేదు. ఒక గుంపు రెండో దానికి రెట్టింపు ఉన్న అధ్యయనాలు కూడా ఉంటాయి, అక్కడ ఈ తొందర కొంప ముంచుతుంది. కాబట్టి ప్రతి లెక్కకూ ముందు హారం చూడాలి.

మూడో అడుగు: రెండు రేట్లు, ఒక తీసివేత, ఒక భాగహారం

```
మాత్ర గుంపు:      100 ÷ 5168 = 1.94 %
ఉత్తుత్తి గుంపు:   154 ÷ 5137 = 3.00 %
తీసివేత:          3.00 − 1.94 = 1.06
భాగహారం:         1.06 ÷ 3.00 = 35 %
```

తీసివేతలో వచ్చిన 1.06 శాతం పాయింట్లే నిరపేక్ష తగ్గుదల. భాగహారంలో వచ్చిన 35 శాతం సాపేక్ష తగ్గుదల. ప్రకటనలో ఉన్నది 36 కదా, ఒకటి ఎక్కడ తప్పింది అన్న అనుమానం సహజం. అధ్యయనం వాడినది `HR` అని రాసే హజార్డ్ రేషియో. అది ఎంతమందికి జబ్బు వచ్చిందన్నదే కాకుండా ఎప్పుడు వచ్చిందన్నది కూడా లెక్కలోకి తీసుకుంటుంది. ఆస్కాట్‌లో దాని విలువ 0.64, ఒకటిలోంచి తీసివేస్తే 0.36. జబ్బు అరుదుగా వచ్చే అధ్యయనాల్లో మన చేతిలెక్కకు, దానికి తేడా ఇంత స్వల్పంగానే ఉంటుంది. పది శాతం పాయింట్ల తేడా వస్తే మాత్రం మనం తప్పు వరుస చూశామనో, వారు వేరే ఫలితం గురించి చెబుతున్నారనో అనుమానించి మళ్లీ పట్టిక చూడాలి.

`OR` అని ఉంటే ఇంకొంచెం జాగ్రత్త అవసరం. అది ఆడ్స్ రేషియో. జబ్బు వచ్చినవారిని మొత్తం మందితో కాకుండా, రానివారితో భాగించి పోల్చే పద్ధతి అది. ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. నూటికి 60 మందికి వచ్చే నొప్పి మందుతో నూటికి 40 మందికే వస్తే, సాపేక్ష తగ్గుదల మూడో వంతు. ఆడ్స్ ప్రకారం చూస్తే 40 భాగం 60, దాన్ని 60 భాగం 40తో పోల్చితే 0.44 వస్తుంది. దాన్ని చూసి ముప్పు 56 శాతం తగ్గిందని రాసేవారు ఉన్నారు. సాధారణంగా ఎక్కువమందికి వచ్చే జబ్బుల విషయంలో ఆ అంకెను సాపేక్ష తగ్గుదలగా చదవకూడదు.

నాలుగో అడుగు: శాతాన్ని మనుషులుగా మార్చడం

1.06 అంటే బాబాయికి అర్థం కాదు. నిజానికి నాకూ మనసుకు పట్టదు. అందుకే నూరుమంది మనుషులను ఊహించుకోవాలి. ఆస్కాట్‌లో చేరినవారిలాంటి నూరుమంది మూడేళ్ల మూడు నెలల పాటు రోజూ ఈ మాత్ర వేసుకున్నారనుకుందాం. వారిలో 97 మందికి మాత్ర వేసుకున్నా, వేసుకోకపోయినా ఆ కాలంలో గుండెపోటు రాదు. ఇద్దరికి మాత్ర వేసుకున్నా వస్తుంది. రావలసిన ఒకరికి రాకుండా ఆగుతుంది. ఆ ఒకరు ఎవరన్నది ముందుగానీ తరువాతగానీ ఎవరికీ తెలియదు.

కాగితం వెనక్కి తిప్పి, బాబాయి ముందు పది వరుసల్లో పదేసి సున్నాలు గీశాను. మూడింటిని పెన్నుతో నింపి, వాటిలో ఒకదానిని కొట్టేశాను. ఆయన కొట్టేసిన సున్నా మీద వేలు పెట్టి, "ఈ ఒక్కటి మూడులో ముప్ఫై ఆరు శాతమా?" అన్నారు. ఆ వాక్యంతో ఈ విషయం సగం పైగా వచ్చేసినట్లే.

ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే ఒకటిని నిరపేక్ష తగ్గుదలతో భాగించాలి. 1.06 శాతాన్ని దశాంశంగా రాస్తే 0.0106. ఒకటిని దానితో భాగిస్తే సుమారు 94. అంటే 94 మంది 3.3 ఏళ్ల పాటు వాడితే ఒకరికి గుండెపోటు తప్పుతుంది. అధ్యయనాల్లో దీన్ని `NNT` అని రాస్తారు. ఈ అంకెను కాలం చెప్పకుండా వాడడం పెద్ద తప్పు, కానీ చాలామంది అలాగే వాడతారు. అదే అధ్యయనం ఏడాది లెక్కన వెయ్యిమందికి ఉత్తుత్తి గుంపులో 9.4, మాత్ర గుంపులో 6.0 గుండె సంఘటనలు నమోదు చేసింది. తేడా 3.4. ఏడాది లెక్కన చూస్తే సుమారు 294 మంది వాడితే ఒకరికి మేలు. 94, 294 రెండూ నిజమే, కాలం మాత్రమే వేరు. ఒక మందుకు ఐదేళ్ల లెక్కను, పోటీ మందుకు ఏడాది లెక్కను పక్కపక్కన పెట్టి ఏది మేలో చెప్పే వ్యాసం కనిపిస్తే దాన్ని అక్కడే పక్కన పెట్టవచ్చు.

ఐదో అడుగు: అంకె చుట్టూ ఉన్న వెడల్పు చూడడం

0.64 పక్కనే `95% CI 0.50–0.83` అని ఉంటుంది. అధ్యయనంలో చేరినవారు కొద్దిమంది, వారి నుంచి వచ్చిన అంకెకు కొంత ఊగిసలాట తప్పదు కాబట్టి, ఈ ఫలితానికి పొసిగే విలువలు ఏ మేరకు పరుచుకున్నాయో ఆ రెండు అంకెలు చెబుతాయి. సాపేక్ష తగ్గుదల 17 నుంచి 50 శాతం వరకు ఎక్కడైనా ఉండవచ్చని దాని అర్థం. దీన్ని 3 శాతం అసలు ముప్పు మీద వేస్తే నిరపేక్ష తగ్గుదల అర శాతం పాయింటు నుంచి ఒకటిన్నర శాతం పాయింట్ల వరకు ఉంటుంది. అప్పుడు "94 మందికి ఒకరు" అన్నది "సుమారు 67 నుంచి 200 మందికి ఒకరు" అవుతుంది. ప్రకటనల్లో ఒకే అంకె కనిపించడానికి కారణం ఆ వెడల్పు అక్షరాలా కోసివేయబడటమే.

ఆ రెండు అంకెల మధ్య 1.00, అంటే రెండు గుంపులకూ తేడా లేదన్న విలువ, కూడా ఇమిడి ఉంటే మేలు ఉందని గట్టిగా చెప్పలేం. ఆస్కాట్‌లోనే దీనికి ఉదాహరణ ఉంది. ఏ కారణంతోనైనా మరణించినవారు మాత్ర గుంపులో 185 మంది, ఉత్తుత్తి గుంపులో 212 మంది. చూడడానికి 13 శాతం తగ్గుదల. కానీ ఆ వెడల్పు 0.71 నుంచి 1.06 దాకా ఉంది కాబట్టి, మరణాలు తగ్గాయని ఈ ఒక్క అధ్యయనంతో తేల్చలేం. గుండెపోటు తగ్గుదలను చూపించే 36 శాతాన్ని, "ప్రాణాలు కాపాడుతుంది" అన్న వాక్యం పక్కన పెట్టిన రాతలు చూసినప్పుడు ఈ తేడా గుర్తుకు రావాలి.

ఆరో అడుగు: అసలు ముప్పు మారితే మేలు ఎలా మారుతుందో చూడడం

ఇప్పటిదాకా చెప్పినది చదివి సాపేక్ష తగ్గుదల మోసపు అంకె, నిరపేక్షమే నిజం అన్న అభిప్రాయం కలిగితే అది కూడా తప్పే. రెండూ రెండు వేర్వేరు పనులకు పనికొస్తాయి. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మందుల మీద జరిగిన అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, ముప్పు తక్కువ ఉన్నవారిలోనూ, ఎక్కువ ఉన్నవారిలోనూ సాపేక్ష తగ్గుదల ఇంచుమించు ఒకేలా కనిపించింది. అందువల్ల ఒక గుంపులో దొరికిన సాపేక్ష తగ్గుదలను తీసుకుని మరొక మనిషి అసలు ముప్పు మీద వేసి చూడవచ్చు. అలా వేసినప్పుడు వచ్చే నిరపేక్ష తగ్గుదలే ఆ మనిషికి సంబంధించిన సమాధానం.

లెక్క తేలికగా ఉండడానికి మూడో వంతు తగ్గుదల అనుకుందాం. వచ్చే పదేళ్లలో గుండెజబ్బు ముప్పు 20 శాతం ఉన్న వ్యక్తికి అది సుమారు 13కు దిగుతుంది. తేడా దాదాపు 7 శాతం పాయింట్లు, అంటే అలాంటివారు 15 మంది పదేళ్లు వాడితే ఒకరికి మేలు. ముప్పు 2 శాతమే ఉన్న వ్యక్తికి అదే మాత్ర, అదే మూడో వంతు, కానీ తేడా 0.7 శాతం పాయింట్లలోపే. అలాంటివారు 150 మంది పదేళ్లు వాడితే ఒకరికి మేలు. మాత్ర ధర, రోజూ గుర్తుంచుకోవడం, కండరాల నొప్పుల్లాంటి ఇబ్బందులు మాత్రం ఇద్దరికీ ఒకేలా ఉంటాయి.

అసలు ముప్పు ఎంతో తెలుసుకోవడానికి వయసు, బీపీ, పొగాకు అలవాటు, మధుమేహం, కొలెస్టరాల్‌లను బట్టి పదేళ్ల ముప్పు చెప్పే పట్టికలు ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రపంచాన్ని 21 ప్రాంతాలుగా విడదీసి, దక్షిణాసియాకు వేరుగా కూడా ఇలాంటి పట్టికలు ఇచ్చింది. ఐరోపావారి అంకెలను గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న మనిషికి నేరుగా అంటించడం కన్నా అది నయం. ఇంతకు ముందే గుండెపోటు వచ్చినవారికి ఈ పట్టికలు వర్తించవు, వారి ముప్పు ఎలాగూ ఎక్కువే, కాబట్టి వారికి మాత్ర వల్ల నిరపేక్ష మేలు కూడా ఎక్కువే. నూటికి ఒకరికేనట అన్న మాట విని వారు మాత్ర మానేస్తే, ఇతరుల లెక్కతో తమ నిర్ణయం తీసుకున్నట్లవుతుంది.

ఈ అడుగు తప్పడం వల్ల ఎదురు దిశలో జరిగే పొరపాటును కోవిడ్ సమయంలో చూశాం. హైదరాబాద్‌లో తయారైన కొవాగ్జిన్ మూడో దశ ఫలితాలు 2021 నవంబరులో ది లాన్సెట్‌లో వచ్చాయి. టీకా గుంపులో 8,471 మందిలో 24 మందికి, ఉత్తుత్తి టీకా గుంపులో 8,502 మందిలో 106 మందికి లక్షణాలతో కూడిన కోవిడ్ వచ్చింది. ప్రకటించిన సామర్థ్యం 77.8 శాతం. పైన చెప్పిన తీసివేత చేస్తే 1.25 లోంచి 0.28 పోగా ఒక శాతం పాయింటు కూడా రాదు. టీకాల మేలు ఒక్క శాతమేనని, మిగతాదంతా మాయ అని ఇలాంటి లెక్కలతో వాట్సాప్‌లో సందేశాలు తిరిగాయి. తీసివేత తప్పు కాదు, దాన్ని చదివిన తీరు తప్పు. సుమారు మూడు నెలల పరిశీలనలో ఉత్తుత్తి గుంపులో నూటికి ఒకరికి కాస్త ఎక్కువగా మాత్రమే జబ్బు వచ్చింది కాబట్టి, టీకా నూటికి నూరుపాళ్లు పనిచేసినా తేడా 1.25 దాటలేదు. ఏడాది పొడవునా, జబ్బు ఉధృతంగా ఉన్న చోట చూస్తే అసలు ముప్పు పెరుగుతుంది, తేడా కూడా పెరుగుతుంది. అంటువ్యాధి విషయంలో అసలు ముప్పు నెలనెలకూ మారుతుంది కాబట్టి, టీకా ఎంత బాగా పనిచేస్తుందో చెప్పడానికి సాపేక్ష తగ్గుదలే సరైన అంకె.

ఏడో అడుగు: కీడునూ అదే కొలతతో కొలవడం

మేలును భాగహారంతో, కీడును తీసివేతతో చెప్పడం వైద్య రచనల్లో బాగా అలవాటైన పని. రోసువాస్టాటిన్ అనే మరో స్టాటిన్ మాత్ర మీద 2008లో వచ్చిన జూపిటర్ అధ్యయనం అంకెలతో అది ఎలా చేయవచ్చో చూడవచ్చు. రెండు గుంపుల్లోనూ 8,901 మంది చొప్పున ఉన్నారు. గుండె, రక్తనాళాల సంఘటనలు ఉత్తుత్తి గుంపులో 251, మాత్ర గుంపులో 142. ప్రకటించినది 44 శాతం తగ్గుదల. కొత్తగా మధుమేహం వచ్చిందని డాక్టర్లు చెప్పినవారు ఉత్తుత్తి గుంపులో 216 మంది, మాత్ర గుంపులో 270 మంది. దీన్ని 0.6 శాతం పాయింట్ల పెరుగుదల అని రాస్తే, 44 పక్కన 0.6 దుమ్ము రేణువులా కనిపిస్తుంది. రెండింటినీ ఒకే తూకంలో వేయాలి. భాగహారంలో అయితే 44 శాతం తగ్గుదలకు ఎదురుగా 25 శాతం పెరుగుదల. తీసివేతలో అయితే 1.2 శాతం పాయింట్ల తగ్గుదలకు ఎదురుగా 0.6 శాతం పాయింట్ల పెరుగుదల. గుండెపోటు, మధుమేహం సమాన బరువు గలవి కావు కాబట్టి తుది నిర్ణయం ఈ అంకెలతోనే తేలదు, కానీ తూకం మాత్రం ఇప్పుడు సరిగ్గా ఉంది.

కీడును మాత్రమే భాగహారంతో చెబితే ఏమవుతుందో బ్రిటన్ 1995 అక్టోబరులో చూసింది. కొన్ని కొత్త రకం గర్భనిరోధక మాత్రలు రక్తనాళాల్లో గడ్డలు కట్టే ముప్పును రెట్టింపు చేస్తాయని అక్కడి మందుల భద్రతా కమిటీ హెచ్చరించింది. నూటికి నూరు శాతం పెరుగుదల అని పత్రికలు రాశాయి. తీసివేసి చూస్తే ఏడువేల మందికి ఒకరికి వచ్చేది ఏడువేల మందికి ఇద్దరికి రావడం అది. భయపడి చాలామంది మహిళలు మాత్రలు మానేశారు. మరుసటి ఏడాది ఇంగ్లండ్, వేల్స్‌లో సుమారు 13,000 గర్భస్రావాలు అదనంగా జరిగాయని అంచనా. గడ్డలు కట్టే ముప్పు గర్భంతో ఉన్నప్పుడు ఆ మాత్ర కన్నా ఎక్కువ ఉంటుందన్నది ఇందులో మరీ బాధ కలిగించే సంగతి.

అంకెలు దొరకనప్పుడు

కొన్ని వార్తల్లో సాపేక్ష శాతం తప్ప మరేమీ ఉండదు, మూల వ్యాసం డబ్బు కడితే తప్ప తెరుచుకోదు. అప్పుడు ఆ జబ్బు అసలు రేటు వేరే నమ్మదగిన చోట దొరుకుతుందేమో చూసి, దాన్ని సాపేక్ష తగ్గుదలతో గుణిస్తే నిరపేక్ష తగ్గుదల ఉజ్జాయింపుగా వస్తుంది. నూటికి నలుగురికి వచ్చే జబ్బు 30 శాతం తగ్గిందంటే నూటికి ఒకరికన్నా కాస్త ఎక్కువ, 1.2. లక్షకు నలుగురికి వచ్చే జబ్బు 30 శాతం తగ్గిందంటే లక్షకు ఒకరు. అసలు రేటు దొరకకపోతే లెక్క అక్కడితో ఆపి, ఆ వార్తలోని శాతాన్ని ఎవరికీ పంపకుండా ఉండాలి.

బాబాయి ఆ చింపిన కాగితాన్ని పారేయలేదు. అంచున 3 అని, పక్కన బాణం గీసి 2 అని రాసుకుని, తరువాత డాక్టరు దగ్గరకు వెళ్లినప్పుడు బల్ల మీద పెట్టి, "డాక్టరుగారూ, ఇందులో మూడు ఉన్నచోట నాకు ఎంత ఉంటుంది?" అని అడిగారట. డాక్టరు ఆయన వయసు, బీపీ, షుగరు చూసి పట్టికలో ఒక గడి చూపించారు. అది మూడేళ్ల లెక్క కాదు, పదేళ్ల లెక్క. అందులో ఆయనకు ఇరవైకి పైనే ఉంది.